సీఎంఎం 60.033 అంటోంది, మా బోర్ గేజ్ 60.018 అంటోంది: మూడు పాయింట్ల లెక్క ఎవరైనా చెప్పండి

జీడిమెట్ల_టర్నర్

నమస్తే అందరికీ. మాది జీడిమెట్లలో చిన్న జాబ్ షాపు, రెండు సీఎన్‌సీ లేత్‌లు ఉన్నాయి. ఒక బేరింగ్ హౌసింగ్ చేస్తున్నాం, ఈఎన్8 మెటీరియల్, బోరు 60 హెచ్7, అంటే 60.000 నుంచి 60.030 లోపు ఉండాలి, గోడ మందం 6 మి.మీ. మాత్రమే. పైన ఒక చెవి లాంటి లగ్ ఉంటుంది. 18 పీసులు పంపితే 18కి 18 వెనక్కి వచ్చాయి, బోరు ఓవర్‌సైజ్ అట. వాళ్ల సీఎంఎం రిపోర్టులో అన్నీ 60.031 నుంచి 60.034 మధ్యలో ఉన్నాయి. మా బోర్ గేజ్ తో నేనే కూర్చుని మళ్లీ చూశా, ఎటు తిప్పినా 60.017, 60.018, అంతే. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు, మెటీరియల్ మాది.

ఒక పీసు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా:

```
P1   X 146.259   Y 94.542
P2   X  93.503   Y 94.081
P3   X 120.530   Y 49.977
DIA  60.033
CENTRE  X 120.006   Y 79.989
ROUNDNESS  0.000
```

రెండు డౌట్లు. ఈ మూడు పాయింట్ల నుంచి ఆ మెషీన్ డయా, సెంటర్ ఎలా తీసింది, నేను కాలిక్యులేటర్ మీద సరిచూసుకోగలనా? ఇంకోటి, రౌండ్‌నెస్ 0.000 అంటే బోరు పక్కా గుండ్రంగా ఉన్నట్టే కదా, మరి గుండ్రంగా ఉన్న బోరుకి రెండు సైజులు ఎలా వస్తాయి?

ఆటోనగర్_అన్న

తమ్ముడూ ఇది చాలా సులువు. మూడు హోల్స్ ఉన్నాయి కాబట్టి పక్క పక్క హోల్స్ మధ్య దూరం కొలువు, దాన్ని 0.866 తో భాగించు, పీసీడీ వచ్చేస్తుంది. మేం ఫ్లాంజిలకి రోజూ ఇదే చేస్తాం.

జీడిమెట్ల_టర్నర్

అన్నా హోల్స్ కాదు, ఒకటే బోరు. దాని లోపలి గోడ మీద ప్రోబ్ మూడు చోట్ల తాకింది, ఆ మూడు.

ఆటోనగర్_అన్న

ఓ, సారీ, ఫోన్లో సరిగా చదవలేదు. కానీ లెక్క అదే కదా, మూడు పాయింట్ల గుండా పోయే సర్కిల్. సరిగ్గా 120 డిగ్రీలకి ఉంటే నా ఫార్ములా పనిచేస్తుంది.

ప్రోబ్_రాజా

నేను మూడేళ్లు సీఎంఎం మీద పనిచేశా. ఇది కచ్చితంగా ప్రోబ్ బాల్ సమస్యే. మెషీన్‌కి తెలిసేది బాల్ సెంటర్ ఎక్కడుందో మాత్రమే, గోడ ఎక్కడుందో దానికి తెలీదు. బాల్ రేడియస్ కలపాలి. వాళ్లు ఆ కాంపెన్సేషన్ తప్పు పెట్టి ఉంటారు. అందుకే 18 పీసులకీ ఒకే తేడా, ఒకే రకంగా వస్తోంది. పీసులు తప్పైతే ఒక్కోటి ఒక్కోలా రావాలి కదా. వాళ్లతో గట్టిగా మాట్లాడు బ్రో.

క్యూసీ_లత

ముందు లెక్క చూద్దాం, తర్వాత గొడవ.

వృత్తం మీద ఏ పాయింట్ అయినా సెంటర్ నుంచి ఒకే దూరంలో ఉంటుంది, మనకి తెలిసింది అంతే, అది చాలు. P1 నుంచి సెంటర్‌కి ఉన్న దూరం, P2 నుంచి సెంటర్‌కి ఉన్న దూరం సమానం అని రాస్తే వర్గాలు రెండు వైపులా కొట్టేసుకుపోయి ఒక మామూలు సరళ సమీకరణం మిగులుతుంది. P1, P3 కి ఇంకోటి. రెండు సమీకరణాలు, తెలియనివి రెండు, సెంటర్ X, సెంటర్ Y. పదో తరగతి లెక్కే. చిన్న కిటుకు ఏంటంటే, ముందు P1 ని సున్నా చేసుకోండి, అంటే మిగతా రెండింటి లోంచి P1 ని తీసేయండి. లేకపోతే 146 వర్గం, 94 వర్గం అంటూ పెద్ద అంకెలు వచ్చి మామూలు కాలిక్యులేటర్‌లో చివరి మైక్రాన్లు మాయమవుతాయి.

మీ అంకెలతో: P2 లోంచి P1 తీస్తే −52.756, −0.461. P3 లోంచి తీస్తే −25.729, −44.565. ఇక్కడి నుంచి:

```
s2 = x2² + y2² = 2783.408
s3 = x3² + y3² = 2648.021
D  = 2(x2·y3 − x3·y2) = 4678.420
u  = (y3·s2 − y2·s3)/D = −26.2528
v  = (x2·s3 − x3·s2)/D = −14.5529
R  = √(u² + v²) = 30.0167
```

u, v అనేవి P1 నుంచి సెంటర్ ఎంత దూరంలో ఉందో చెబుతాయి. P1 కి కలిపితే సెంటర్ 120.006, 79.989. డయా 2R, అంటే 60.033. రిపోర్టుతో మైక్రాన్ కూడా తేడా లేదు. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ లెక్క తప్పు చేయలేదు, ఇచ్చిన మూడు పాయింట్లకి వచ్చే జవాబు అదే. తప్పంటూ ఉంటే పాయింట్లలో ఉండాలి, లేదా ఆ మూడు పాయింట్లు బోరు గురించి ఏం చెబుతున్నాయి అని మనం అనుకోవడంలో ఉండాలి.

రాజా గారు, బాల్ సంగతి. బాల్ కలపడం అసలు మర్చిపోతే తేడా మైక్రాన్లలో రాదు. 3 మి.మీ. బాల్ అయితే బోరు 57 దరిదాపుల్లో చూపిస్తుంది, ఎందుకంటే లోపలి బోరులో బాల్ సెంటర్ తిరిగే వృత్తం బాల్ డయా అంత చిన్నది. రేడియస్‌కి రేడియస్, డయాకి మొత్తం బాల్ డయా కలపాలి. సెంటర్ మాత్రం అదే ఉంటుంది. ఇక్కడ 15 మైక్రాన్లు అంటే కాంపెన్సేషన్ జరిగింది. బాల్ క్యాలిబ్రేషనే 15 మైక్రాన్లు తప్పుగా ఉండొచ్చా అంటే ఉండొచ్చు, కానీ అప్పుడు వాళ్లు కొలిచే ప్రతి బోరూ అంతే పెద్దగా చూపించాలి. ఒక సెట్టింగ్ రింగ్ కొలిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

జీడిమెట్ల_టర్నర్

లత గారు చాలా థాంక్స్, కాలిక్యులేటర్ మీద నేనూ వేశా, మొదటిసారి y2 మైనస్ గుర్తు మర్చిపోయి డయా 60.3 పైన వచ్చింది, రెండోసారి సరిపోయింది. రింగ్ విషయం అడుగుతా, వాళ్ల ఇన్‌స్పెక్టర్ కొంచెం తెలిసినవాడే.

మరి 0.000 సంగతి?

క్యూసీ_లత

అదే అసలు సంగతి. నేల మీద ఎక్కడైనా మూడు రాళ్లు పెట్టండి, ఒకే గీత మీద లేకుండా. వాటి గుండా ఒక వృత్తం గీయొచ్చు, ఒక్కటే గీయొచ్చు, అది మూడింటినీ తాకుతుంది. మీ బోరు గుమ్మడికాయలా ఉన్నా సరే మూడు పాయింట్లు తీస్తే వృత్తం వాటి మీదుగా పోతుంది, ఏ పాయింటూ వృత్తం నుంచి పక్కకి తప్పదు. ఆ పక్కకి తప్పడాన్నే సాఫ్ట్‌వేర్ రౌండ్‌నెస్ కింద ప్రింట్ చేస్తుంది. తప్పే వీలే లేనప్పుడు 0.000 రాక ఇంకేం వస్తుంది. మూడు పాయింట్ల రిపోర్టులో రౌండ్‌నెస్ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. నిజానికి అక్కడ గీత పెట్టి వదిలేస్తే నయం, 0.000 అని చూసి ఎంతమంది మోసపోయారో.

ఇప్పుడు నాకు మీ దగ్గర్నుంచి రెండు విషయాలు కావాలి. మీ మూడు పాయింట్లు సెంటర్ నుంచి ఏ కోణాల్లో ఉన్నాయో చూశా, దాదాపు 29, 152, 271 డిగ్రీలు. ఈ హౌసింగ్‌ని బోరు చేసేటప్పుడు ఎలా పట్టారు? మూడు జాల చక్ అయితే జాలు ఎక్కడ పడ్డాయి?

చల్లటి_గది

టెంపరేచర్ ఎవరూ అడగలేదు? మీ షాపు ఎండాకాలంలో 36, వాళ్ల గది 20. ఇదే నా ఓటు.

క్యూసీ_లత

స్టీల్ 60 మి.మీ. కి ఒక డిగ్రీకి సుమారు 0.7 మైక్రాన్లు. 15 మైక్రాన్లు రావాలంటే 20 డిగ్రీల పైన తేడా ఉండాలి, పైగా వేడిగా ఉన్న షాపులో బోరు పెద్దదిగా కనిపించాలి. ఇక్కడ ఉల్టా, షాపులో చిన్నది. బోర్ గేజ్‌ని అదే బల్ల మీద ఉన్న స్టీల్ రింగ్‌తో జీరో చేస్తే ఆ తేడా కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. కాదు అనను, ఒకటి రెండు మైక్రాన్లు ఉండొచ్చు.

జీడిమెట్ల_టర్నర్

అవును మేడమ్, మూడు జాల చక్, హార్డ్ జాలే. లగ్ అడ్డం రాకుండా ప్రతి పీసూ లగ్ రెండు జాల మధ్యలో వచ్చేలా పెడతాం. లగ్‌ని పైకి, అంటే 90 డిగ్రీలకి అనుకుంటే, జాలు 30, 150, 270 దగ్గర. బయట జా గుర్తులు కనిపిస్తున్నాయి కూడా.

టైప్ చేశాక చూసుకున్నా. 29, 152, 271. అయ్య బాబోయ్.

క్యూసీ_లత

వాళ్లు కూడా పీసుని లగ్ చూసుకునే ఫిక్చర్‌లో పెట్టి ఉంటారు, ప్రోగ్రాం ఒకటే, కాబట్టి 18 పీసులకీ ప్రోబ్ సరిగ్గా జాలు పడ్డ చోటే తాకింది. రాజా గారు అన్న ‘ఒకే తేడా’కి కారణం అది కావచ్చు. ఒకే రకంగా తప్పుతోంది అన్నంత మాత్రాన తప్పు మెషీన్‌దే అని కాదు, పీసులన్నీ ఒకే రకంగా వంకరగా ఉన్నా అంతే వస్తుంది.

గోడ 6 మి.మీ. ఉన్న రింగుని మూడు జాలు గట్టిగా నొక్కితే జాల దగ్గర లోపలికి నొక్కుకుంటుంది. ఆ నొక్కుకున్న స్థితిలో టూల్ దాన్ని చక్కగా గుండ్రంగా బోరు చేస్తుంది. అంటే జాల కింద కాస్త ఎక్కువ మెటీరియల్ పోయింది. చక్ విప్పగానే గోడ వెనక్కి స్ప్రింగ్ అవుతుంది, జాలు ఉన్న మూడు చోట్లా బోరు బయటికి ఉబ్బుతుంది, వాటి మధ్యలో మూడు చోట్ల లోపలికి వస్తుంది. మూడు మూలల గుండ్రం. చక్‌లో ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ కనపడదు, అందుకే ఆపరేటర్ ఒట్టేసి చెబుతాడు బాగుందని.

ఇప్పుడు దీన్ని రెండు గేజ్‌లతో చూడండి. బోర్ గేజ్ ఎదురెదురు రెండు చోట్ల తాకుతుంది. మూడు మూలల ఆకారంలో ఉబ్బుకి సరిగ్గా ఎదురుగా ఉండేది లోతు, అంటే గోడ లోపలికి వచ్చిన చోటు. ఒక వైపు 8 మైక్రాన్లు ఎక్కువ, ఎదురు వైపు 8 తక్కువ, మొత్తం ఎటు తిప్పినా ఒకటే. మీకు అన్ని వైపులా 60.018 వచ్చింది అందుకేనేమో. మూడు పాయింట్ల ప్రోబింగ్ మాత్రం మూడు ఉబ్బుల మీద పడితే మూడింటినీ కలిపి పెద్ద వృత్తం వేస్తుంది, మూడు లోతుల మీద పడితే చిన్న వృత్తం వేస్తుంది. రెండు సార్లూ రౌండ్‌నెస్ 0.000 అనే అంటుంది.

ఇది నా ఊహ మాత్రమే, నిరూపించాలి. మీ దగ్గర త్రీ పాయింట్ మైక్రోమీటర్ ఉందా, మూడు అన్విల్స్ ఉండేది?

ప్రోబ్_రాజా

ఓకే మేడమ్ ఈ కోణం నాకు తట్టలేదు. కానీ ఒకటి, మేం ఎప్పుడూ మూడు పాయింట్లే తీసేవాళ్లం, నాలుగు తీస్తే టైమ్ వేస్ట్ అని సార్ తిట్టేవారు. 18 పీసుల మీద మూడు పాయింట్లు తీయడం తప్పు అనడం కూడా కరెక్ట్ కాదు.

క్యూసీ_లత

సెంటర్ ఎక్కడుందో ఉజ్జాయింపుగా తెలియడానికి, అలైన్‌మెంట్‌కి, మూడు చాలు. మీరు చేసింది తప్పని కాదు. మైక్రాన్ల మీద పీసు పారేసేటప్పుడు మాత్రం చాలవు.

వైజాగ్_ఫిట్టర్

మూడు పాయింట్లంటే నా కేసు గుర్తొచ్చింది, ఇక్కడే అడిగేస్తా, ఏమనుకోకండి. పాత పంపు కేసింగ్ విరిగి ఒక ముక్క మిగిలింది, బోరు డయా కావాలి. ముక్క మొత్తం మీద దాదాపు 60 డిగ్రీల వంపే ఉంది. సీఎంఎం లేదు మా దగ్గర, అంచు నుంచి అంచుకి 100 మి.మీ. తీసుకుని మధ్యలో లోతు కొలిచా. ఒకసారి 13.40, ఇంకోసారి 13.45. మొదటిదానితో డయా 199.97, రెండోదానితో 199.32. అర మిల్లీమీటర్ పైన తేడా! కొలతలో తేడా 0.05 మాత్రమే. ఫార్ములా తప్పా?

```
R = c²/(8h) + h/2
```

క్యూసీ_లత

ఫార్ములా కరెక్టే. మీ చేతిలో ఉన్నది వృత్తంలో ఆరో వంతు, దాని నుంచి మొత్తం వృత్తం ఊహిస్తున్నారు. 60 డిగ్రీల వంపు మీద మధ్య పాయింట్ ఎంత తప్పితే రేడియస్ దానికి ఆరున్నర రెట్లు తప్పుతుంది, డయా పదమూడు రెట్లు. మీ 0.05 ని పదమూడుతో గుణించండి, సరిగ్గా మీకొచ్చిన తేడానే. వంపు 90 డిగ్రీలు ఉంటే రేడియస్‌కి దాదాపు రెండున్నర రెట్లు, 120 ఉంటే ఒక రెట్టు. మూడు పాయింట్లు బోరు చుట్టూ సమంగా పరిస్తే ఒక పాయింట్ తప్పులో మూడో వంతే రేడియస్‌లోకి వస్తుంది. అందుకే పాయింట్లు దగ్గర దగ్గరగా తీసిన రిపోర్టులో డయా మూడు దశాంశాలకి ప్రింటైనా నమ్మొద్దు. సెంటర్ కూడా అంతే, వంపు ఎటు వైపు ఉందో అటు వైపు ముందుకీ వెనక్కీ జారిపోతుంది.

వైజాగ్_ఫిట్టర్

అంటే ఆ ముక్కతో 200 అని చెప్పడం కూడా కష్టమే అన్నమాట.

క్యూసీ_లత

200 అయ్యుండొచ్చు, 199.5 అయ్యుండొచ్చు. ఆ బోరులో కూర్చునే ఇంపెల్లర్ రింగో, కవరో మిగిలి ఉంటే దాన్ని కొలవండి, అది పూర్తి గుండ్రంగా దొరుకుతుంది.

ఆటోనగర్_అన్న

విరిగిన ముక్కకి నేనైతే రేకు మీద టెంప్లేట్ కోసి చూస్తా. మైక్రాన్ల సంగతి దేవుడెరుగు, పంపు తిరుగుతుంది.

జీడిమెట్ల_టర్నర్

అప్‌డేట్. పక్క షాపు నుంచి త్రీ పాయింట్ మైక్రోమీటర్ అడిగి తెచ్చా. ఇచ్చిన ఆయన దాన్ని పసిపాపలా చేతిలో పెట్టి పంపాడు. రింగ్‌లో జీరో చూసుకుని, అన్విల్స్ మూడూ జా గుర్తుల ఎదురుగా పెడితే 60.031. 60 డిగ్రీలు తిప్పి గుర్తుల మధ్యలో పెడితే 60.004. అదే పీసు, అదే నిమిషం, అదే చెయ్యి. మూడు సార్లు చేశా, ఒక మైక్రాన్ అటూ ఇటూ అంతే. బోర్ గేజ్ పెడితే మళ్లీ అన్ని వైపులా 60.018!

ఇన్నేళ్లుగా బోర్ గేజ్ నాలుగు వైపులా తిప్పి ఒకటే చూపిస్తే ‘ఓవాలిటీ లేదు, ఓకే’ అని పంపించేశా. ఎన్ని పీసులు ఇలా వెళ్లాయో తలుచుకుంటే టెన్షన్ వస్తోంది.

క్యూసీ_లత

ఓవాలిటీ లేదన్న మాట నిజమే, కోడిగుడ్డు ఆకారం లేదు. మూడు మూలలది బోర్ గేజ్‌కి కనపడదు, మీ తప్పు కాదు.

వాళ్లని ఒకే ఒక్క పీసు మళ్లీ కొలవమనండి. ఈసారి మూడు కాదు, ఎక్కువ పాయింట్లు. ఎన్ని అని అడిగితే కనీసం ఏడు అనండి. బ్రిటిష్ స్టాండర్డ్ BS 7172 లో కూడా వృత్తానికి లెక్క ప్రకారం మూడు చాలు అని, కొలవడానికి మాత్రం ఏడు తీసుకోమని ఉంటుంది. ఆరు తీస్తానంటే ఒప్పుకోకండి. 60 డిగ్రీలకొకటి చొప్పున ఆరు తీస్తే, దురదృష్టం కొద్దీ అవి ఉబ్బుకీ లోతుకీ సరిగ్గా మధ్యలో పడితే డయా కరెక్టుగా వస్తుంది గానీ రౌండ్‌నెస్ మళ్లీ సున్నా దగ్గరే కనిపిస్తుంది. ఏడు అయితే మూడు మూలల ఆకారం తప్పించుకోలేదు. మెషీన్‌కి స్కానింగ్ ప్రోబ్ ఉంటే ఈ గొడవే లేదు, చుట్టూ గీకించేయమనండి.

ఇంకోటి, పాయింట్లన్నీ బోరు ముఖానికి సమాంతరంగా ఒకే ఎత్తులో తీశారా, ముఖం మీదకి ప్రొజెక్ట్ చేశారా అడగండి. పీసు ఒక డిగ్రీ వాలి ఉండి అలైన్ చేయకపోతే 60 బోరు ఒక వైపు 60.009 కనిపిస్తుంది. ఫిక్చర్‌లో పెట్టి ముఖం మీద ప్లేన్ తీసుకుని ఉంటే ఆ భయం లేదు.

హోసూరు_బావ

ఇక్కడ ఇంకో పాయింట్ ఉంది, డబ్బులకి సంబంధించింది. డ్రాయింగ్‌లో ఏ స్టాండర్డ్ రాశారు? ఐఎస్ఓ అయితే సైజు అంటే మామూలుగా ఎదురెదురు రెండు పాయింట్ల మధ్య దూరం, ISO 14405-1 లో డీఫాల్ట్ అదే. అంటే మీ బోర్ గేజ్ చెప్పిన 60.018 యే సైజు, అది 60.030 లోపే ఉంది. రౌండ్‌నెస్‌కి విడిగా టాలరెన్స్ రాయకపోతే ఆ కారణంగా రిజెక్ట్ చేయడానికి వీల్లేదు. అమెరికన్ పద్ధతి అయినా, లోపల పట్టే పెద్ద పిన్ను 60.000 కంటే చిన్నది కాకూడదు, మీది 60.002 దాకా పడుతుంది కదా, పాసే. రెండు రకాలుగానూ పీసు బతికే ఉంది. గట్టిగా పోట్లాడు.

చల్లటి_గది

కాగితం మీద పాస్. అందులో బేరింగ్ కూర్చోబెట్టి చూడండి. బేరింగ్ బయటి రింగ్ పల్చగా ఉంటుంది, హౌసింగ్ ఎలా ఉంటే అలా వంగుతుంది, చప్పుడు మొదలవుతుంది.

హోసూరు_బావ

అది డిజైనర్ రాయాల్సింది. రాయకుండా సప్లయర్ నెత్తిన రుద్దితే ఎలా. హెచ్7 అంటే మొత్తం 30 మైక్రాన్లు ఇచ్చారు, అందులో ఎంత గుండ్రంగా ఉండాలో చెప్పలేదు.

క్యూసీ_లత

ఇద్దరూ చెప్పేది నిజమే, అందుకే దీనికి జవాబు నా దగ్గర లేదు. హక్కుగా చూస్తే పీసు ఓకే. పనికొస్తుందా అంటే ఆ బేరింగ్ ఎంత స్పీడులో తిరుగుతుంది, ఫిట్ లూజా టైటా అన్నదాని మీద ఉంటుంది. ఒక్కటి మాత్రం కచ్చితం, ‘ఓవర్‌సైజ్’ అన్న మాట తప్పు. రీవర్క్ అని బోరులో స్లీవ్ వేయడం లాంటిది ఏదీ చేయకండి ఇప్పుడే.

జీడిమెట్ల_టర్నర్

మళ్లీ నేనే. ఈరోజు పొద్దున పీసు పట్టుకుని వాళ్ల దగ్గరికే వెళ్లా. ఇన్‌స్పెక్టర్ మంచివాడు, మొదట ‘మా మెషీన్ క్యాలిబ్రేషన్‌లోనే ఉంది’ అని సర్టిఫికెట్ చూపించాడు, నేను మెషీన్‌ని ఏమీ అనట్లేదు సార్ అని రింగ్ కొలవమన్నా. 50 రింగ్ 50.001 చూపించింది. కాబట్టి రాజా బ్రో, బాల్ క్లీన్, ఆ కేసు క్లోజ్.

తర్వాత అదే ప్రోగ్రాంలో కోణం 60 డిగ్రీలు మార్చి మూడు పాయింట్లు తీయించా, 90, 210, 330 దగ్గర. డయా 60.003, రౌండ్‌నెస్ 0.000. సెంటర్ మాత్రం దాదాపు కదల్లేదు, మైక్రాన్ తేడా. ఆయన ముఖం చూడాలి అప్పుడు. రెండు రిపోర్టులు పక్కపక్కన, ఒకటే బోరు, రెండూ 0.000. అప్పుడు ఆయనే 24 పాయింట్లు పెట్టి రన్ చేశాడు. డయా 60.018, రౌండ్‌నెస్ 0.016. గ్రాఫ్ ప్రింట్ తీస్తే మూడు ఆకుల మారేడు దళంలా వచ్చింది.

పీసుల సంగతి ఇంకా తేలలేదు. ఇన్‌స్పెక్టర్ ‘సైజు ఓకే అని రాస్తా, కానీ 0.016 రౌండ్‌నెస్ కూడా రాయాల్సి వస్తుంది, డిజైన్ వాళ్లు ఏమంటారో చూడాలి’ అన్నాడు. డ్రాయింగ్ మీద ఐఎస్ఓ అనే ఉంది, రౌండ్‌నెస్ ఏమీ లేదు, హోసూరు బావ చెప్పిన పాయింట్ ఆయనకి చూపించా, తల ఊపాడు గానీ సంతకం పెట్టలేదు.

ఇకముందు ఏం చేయాలో చెప్పండి. సాఫ్ట్ జాలు చేసుకుంటే చాలా?

ఆటోనగర్_అన్న

సాఫ్ట్ జాలు వేసుకుని, అదే ఓడీ సైజుకి బోరు చేసుకుని, పీసుని చుట్టూ కౌగిలించుకునేలా వెడల్పుగా పెట్టు. ఫినిష్ కట్‌కి ముందు చక్ ప్రెషర్ తగ్గించు. మా దగ్గర పల్చటి బుష్‌లకి రఫ్ అయ్యాక చక్ ఒకసారి వదిలి, మెల్లగా మళ్లీ పట్టి ఫినిష్ చేస్తాం. ఇది మాత్రం నాకు బాగా తెలుసు, పీసీడీ లాగా కాదు.

క్యూసీ_లత

అన్న చెప్పింది చేయండి. చేశాక మొదటి పీసుని చక్ లోంచి తీసి త్రీ పాయింట్ మైక్రోమీటర్‌తో జా గుర్తుల దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి చూడండి. రెండు రీడింగ్‌ల తేడాలో సగం మీ రౌండ్‌నెస్‌కి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు మీకు 60.031, 60.004 వచ్చాయి, తేడా 27, సగం 13 పైన. 24 పాయింట్లతో 16 వచ్చింది. అన్విల్స్ వెడల్పుగా ఉంటాయి కాబట్టి కాస్త తక్కువ చూపిస్తుంది, అయినా రోజువారీ పనికి చాలు.

ప్రోబ్_రాజా

నాలుగు పాయింట్లు తీసి ఉంటే దొరికేదా మేడమ్? ఇప్పుడు ఉన్న చోట కూడా ప్రోగ్రాంలు అన్నీ నాలుగు పాయింట్లే.

క్యూసీ_లత

90 డిగ్రీలకొకటి నాలుగు తీస్తే మూడు మూలల బోరుకి డయా సగటు దగ్గరే వచ్చేది, 60.018. రౌండ్‌నెస్ మాత్రం మళ్లీ సున్నా దగ్గరే వచ్చేది, ఎందుకంటే ఎదురెదురు జతలు రెండూ ఒకే డయా చూపిస్తాయి, వంకర అంతా సెంటర్ కాస్త పక్కకి జరగడంలో దాక్కుంటుంది. డయా వరకు ఈ ఒక్క ఆకారానికి నాలుగు నయం. కానీ నాలుగు జాల చక్‌లో చేసిన పీసు వస్తే మళ్లీ ఇదే కథ, నాలుగూ ఉబ్బుల మీద పడతాయి.

ప్రోబ్_రాజా

మా దగ్గర నాలుగు జాలవీ ఉన్నాయి. సోమవారం చూస్తా.

జీడిమెట్ల_టర్నర్

సాఫ్ట్ జాలు బోరు చేయడానికి పెట్టేశా. పక్క షాపు ఆయన ఫోన్ చేశాడు, మైక్రోమీటర్ ఎప్పుడిస్తావ్ అని.